గత ప్రతిఫలం, ముందే ఉన్న బాధ్యత: పరీక్షల్లో ప్రశ్నలు, ఎర జవాబుల అల్లిక

కాంట్రాక్టు చట్టంలో ప్రతిఫలం అనే అంశం మీద వచ్చే బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఎక్కువ మందిని తడబడేలా చేసేవి రెండు రకాలు. మొదటిది గత ప్రతిఫలం. పని ముందే అయిపోయింది, దానికి డబ్బిస్తానన్న మాట తర్వాత వచ్చింది. ఆ మాటకు కట్టుబడాలా? రెండోది ముందే ఉన్న బాధ్యత. ఎలాగూ చేయక తప్పని పనిని చేసినందుకు ఇంకొంత ఇస్తానని ఎవరో ఒప్పుకున్నారు. ఆ అదనం వసూలు చేసుకోవచ్చా? రెండింటిలోనూ సూత్రం ఒక్క వాక్యంలో చెప్పగలిగేదే. అయినా తప్పులు జరుగుతాయి. కారణం, ఆ వాక్యానికి ఉన్న మినహాయింపులు దేశాన్ని బట్టి, చిన్న చిన్న వాస్తవాలను బట్టి మారిపోవడం.

ప్రశ్నకు ఇచ్చే నాలుగు ఐచ్ఛికాల్లో సరైనది పోగా మిగిలిన మూడింటిని ప్రశ్నపత్రాలు తయారుచేసేవారు డిస్ట్రాక్టర్లు అంటారు. ఈ వ్యాసంలో వాటిని ఎర జవాబులు అందాం. మంచి ప్రశ్నలో ఎర జవాబు పచ్చి అబద్ధంగా ఉండదు. చాలాసార్లు అది చట్టంలో నిజంగా ఉన్న వాక్యమే. కాకపోతే అది వేరే దేశానికో, వేరే సెక్షనుకో, వేరే వాస్తవాలకో చెందుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా భారత కాంట్రాక్టు చట్టం, 1872 ఆధారంగా వచ్చే ప్రశ్నలను వివరిస్తుంది. ఎరల్లో చాలా భాగం ఇంగ్లిష్ చట్టం నుంచి వస్తాయి కనుక ఆ చట్టాన్నీ అవసరమైన మేరకు ప్రస్తావిస్తుంది.

గత ప్రతిఫలం: రెండు చట్టాలు, రెండు దారులు

ఇంగ్లిష్ చట్టం ప్రకారం గత ప్రతిఫలం ప్రతిఫలమే కాదు. దీనికి పాఠ్యపుస్తకాలు చూపే తీర్పు 1842 నాటి రోస్కోర్లా వర్సెస్ థామస్. ఒకాయన గుర్రాన్ని కొన్నాడు. బేరం పూర్తయ్యాక, ఈ గుర్రంలో ఏ లోపమూ లేదని అమ్మినవాడు హామీ ఇచ్చాడు. తీరా చూస్తే గుర్రం పొగరుబోతుది. కొన్నవాడు దావా వేసి ఓడిపోయాడు. అతను చెల్లించిన సొమ్ము గుర్రానికి చెల్లించినది, తర్వాత వచ్చిన హామీకి కాదు. ఆ హామీ కోసం అతను కొత్తగా ఇచ్చిందేమీ లేదు.

ఈ నియమానికి ఇంగ్లండ్‌లోనే ఒక పాత సడలింపు ఉంది. 1615 నాటి లాంప్లే వర్సెస్ బ్రెయిత్‌వెయిట్ కేసులో, హత్య చేసిన ఒక వ్యక్తి తనకు రాజు క్షమాభిక్ష ఇప్పించమని ఇంకొకరిని కోరాడు. ఆయన తిరిగి, శ్రమపడి, ఆ పని చేసిపెట్టాడు. ఆ తర్వాత 100 పౌండ్లు ఇస్తానని మొదటివాడు మాట ఇచ్చాడు. కోర్టు ఆ మాట చెల్లుతుందంది. పని ముందే జరిగినా, వాగ్దానం చేసినవాడు కోరితేనే జరిగింది కాబట్టి, కోరికనూ తర్వాతి వాగ్దానాన్నీ ఒకే వ్యవహారంగా చూసింది.

భారత చట్టం ఈ సడలింపును నిర్వచనంలోనే కలిపేసుకుంది. సెక్షన్ 2(డి) ప్రకారం వాగ్దాత కోరిక మీద వాగ్దాన గ్రహీత గాని, మరొకరు గాని ఒక పని ఇదివరకే చేసి ఉన్నా, ఇప్పుడు చేస్తున్నా, చేస్తానని మాట ఇచ్చినా అది ప్రతిఫలమే. పని చేయకుండా మానుకోవడానికీ ఇదే వర్తిస్తుంది. అంటే కోరి చేయించుకున్న పని గతంలోదైనా మన దగ్గర మామూలు ప్రతిఫలంగానే లెక్క.

కోరకుండా చేసిన పని సంగతి సెక్షన్ 25(2) చూసుకుంటుంది. వాగ్దాత కోసం ఎవరైనా స్వచ్ఛందంగా ఇప్పటికే ఏదైనా చేసి ఉంటే, లేదా చట్టప్రకారం వాగ్దాత చేయక తప్పని పనిని తామే చేసి ఉంటే, వారికి పూర్తిగానో కొంతమేరకో పరిహారం ఇస్తానన్న వాగ్దానం ప్రతిఫలం లేకపోయినా చెల్లుతుంది. చట్టంలోనే రెండు ఉదాహరణలు ఉన్నాయి. 'బి' పోగొట్టుకున్న పర్సు 'ఎ'కి దొరికింది. తెచ్చి ఇచ్చాడు. 'బి' 50 రూపాయలు ఇస్తానన్నాడు. ఇది కాంట్రాక్టే. అలాగే 'బి' పసికొడుకును 'ఎ' పోషించాడు. ఆ ఖర్చులు ఇస్తానని 'బి' అన్నాడు. ఇదీ కాంట్రాక్టే.

ఈ సెక్షన్‌లో రెండు మాటలను పట్టి చదవాలి: 'వాగ్దాత కోసం', 'స్వచ్ఛందంగా'. అలహాబాద్ హైకోర్టు 1880లో తీర్పు చెప్పిన దుర్గాప్రసాద్ వర్సెస్ బల్దేవ్ కేసు మొదటి మాట బరువును చూపిస్తుంది. కలెక్టర్ ఆదేశం మీద ఒకాయన సొంత ఖర్చుతో బజారులో దుకాణాలు కట్టాడు. వాటిలో వ్యాపారం పెట్టుకున్నవారు తమ అమ్మకాల మీద ఆయనకు కమీషన్ ఇస్తామన్నారు, తర్వాత ఇవ్వలేదు. దావా ఓడిపోయింది. దుకాణాలు కట్టింది కలెక్టర్ కోరిక మీద గాని ఈ వ్యాపారుల కోరిక మీద కాదు. వారి కోసం కట్టిందీ కాదు. వారికి లాభం కలిగిన మాట నిజమే, కానీ లాభం కలగడం వేరు, వారి కోసం చేయడం వేరు. పరీక్షల్లో 'లబ్ధి పొందారు కాబట్టి చెల్లించాలి' అనే ఎర జవాబుకు ఈ తీర్పే విరుగుడు.

ముందే ఉన్న బాధ్యత: ఎవరికి, ఎంతవరకు

ఒక పని చేయడానికి మనిషి ఇప్పటికే కట్టుబడి ఉంటే, అదే పని చేయడం కొత్త వాగ్దానానికి ప్రతిఫలం కాదు. ఈ నియమాన్ని ప్రశ్నల్లో గుర్తించాలంటే ఆ బాధ్యత ఎక్కడి నుంచి వచ్చిందో, దాని హద్దు ఎక్కడో చూడాలి.

బాధ్యత వాగ్దాతతోనే చేసుకున్న ఒప్పందం నుంచి వచ్చి ఉండవచ్చు. 1809 నాటి స్టిల్క్ వర్సెస్ మైరిక్ కేసులో ఓడ నుంచి ఇద్దరు నావికులు పారిపోయారు. వారి జీతం మిగతావారికి పంచుతానని కెప్టెన్ చెప్పాడు. ఓడ గమ్యం చేరాక ఆ అదనం కోసం వేసిన దావా నిలవలేదు. ప్రయాణంలో వచ్చే ఇటువంటి ఇబ్బందులను తట్టుకుని ఓడను చేర్చడం వారి మొదటి ఒప్పందంలోనే ఉంది. 1857లో హార్ట్‌లీ వర్సెస్ పాన్సన్‌బీ కేసులో ఫలితం తిరగబడింది. అక్కడ 36 మందిలో 17 మంది వెళ్లిపోయారు. మిగిలినవారితో ఓడ నడపడం ప్రమాదకరం అయింది. అంత ప్రమాదంలో పనిచేయడానికి నావికులు ఎన్నడూ ఒప్పుకోలేదు గనుక పాత బాధ్యత తీరిపోయింది, కొత్త బేరానికి చోటు దొరికింది.

మన దేశంలో ఈ వర్గానికి చూపే కేసు బొంబాయి హైకోర్టు 1877లో నిర్ణయించిన రామచంద్ర చింతామన్ వర్సెస్ కాలూ రాజు. వకాల్తా తీసుకున్న వకీలుకు, కేసు గెలిస్తే మామూలు ఫీజు మీద ఇనాం ఇస్తానని క్లయింటు మాట ఇచ్చాడు. కేసు గెలిచింది. ఇనాం రాలేదు. వకాల్తా పుచ్చుకున్న రోజే శక్తికొద్దీ వాదించే బాధ్యత వకీలు మీద పడింది కాబట్టి కొత్తగా ఇచ్చిందేమీ లేదని కోర్టు తేల్చింది.

బాధ్యత చట్టం నుంచి కూడా రావచ్చు. పోలీసు తన విధి తాను చేసినందుకు బహుమతి అడగలేడు. అయితే విధికి మించి చేస్తే సంగతి వేరు. సౌత్ వేల్స్‌లో బొగ్గుగని సమ్మె సమయంలో, సంచార బందోబస్తు చాలని పోలీసు అధికారి భావించాడు. గని యాజమాన్యం మాత్రం పోలీసులు గని దగ్గరే బస చేయాలని పట్టుబట్టి, అందుకు డబ్బు ఇస్తామంది. ఆ సొమ్ము 2,200 పౌండ్లు చెల్లించక తప్పదని గ్లాస్‌బ్రుక్ బ్రదర్స్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది.

ఈ సందర్భాలన్నిటిలోనూ అసలు ప్రశ్న ఒకటే: అదనపు సొమ్ముకు బదులుగా అదనంగా ఏం వచ్చింది? 1989లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు విలియమ్స్ వర్సెస్ రాఫీ బ్రదర్స్ కేసులో ఈ ప్రశ్నకు కొత్త జవాబు చెప్పింది. 27 ఫ్లాట్ల వడ్రంగం పని 20,000 పౌండ్లకు ఒప్పుకున్న విలియమ్స్ మధ్యలో డబ్బుకు ఇబ్బంది పడ్డాడు. పని ఆగితే ప్రధాన కాంట్రాక్టరు తన యజమానికి జరిమానా కట్టాలి. అందుకని తానే ముందుకొచ్చి ఫ్లాటుకు 575 పౌండ్ల చొప్పున మొత్తం 10,300 పౌండ్లు ఎక్కువ ఇస్తానన్నాడు. బెదిరింపు, మోసం లేనప్పుడు, పని ఆగకపోవడం వల్ల ప్రధాన కాంట్రాక్టరుకు కలిగిన ఆచరణాత్మక ప్రయోజనం ప్రతిఫలంగా సరిపోతుందని కోర్టు అంది. ఈ తీర్పు వచ్చాక, ఇంగ్లిష్ చట్టం మీద వేసే ప్రశ్నల్లో 'పాత బాధ్యతే, కాబట్టి చెల్లదు' అన్న సూటి జవాబు కూడా కొన్నిసార్లు ఎరగా మారింది.

ఎర జవాబు ఎలా పుడుతుంది

ప్రశ్న తయారుచేసేవారు ముందు సరైన జవాబు రాసుకుంటారు. ఆ తర్వాత, సగం చదివిన విద్యార్థి ఏ దారిన తప్పుతాడో ఊహించి ఒక్కో తప్పుదారికి ఒక్కో ఎర రాస్తారు. ఈ రెండు అంశాల మీద కనబడే ఎరలను నాలుగు కుదుళ్లుగా చూడవచ్చు.

మొదటిది పరాయి చట్టం. ఇంగ్లిష్ తీర్పులు పాఠ్యపుస్తకంలో ముందు వస్తాయి, మనసులో గట్టిగా నాటుకుంటాయి. అందుకే 'గత ప్రతిఫలం ప్రతిఫలం కాదు' అన్న ఐచ్ఛికం కళ్లకు పరిచయమైన వాక్యంగా కనబడుతుంది. భారత చట్టం కింద అడిగిన ప్రశ్నలో అది తప్పు.

రెండోది సరైన ఫలితం, తప్పు కారణం. 'చెల్లుతుంది, ఎందుకంటే అతనికి నైతిక బాధ్యత ఉంది' వంటివి ఈ రకం. చెల్లుతుంది అన్న సగం నిజం కావడంతో విద్యార్థి మిగతా సగాన్ని పరిశీలించడు. నైతిక బాధ్యత ఒక్కటే వాగ్దానాన్ని నిలబెట్టదు. నిలబెట్టేది సెక్షన్.

మూడోది పక్క ఉపసెక్షన్ నుంచి తెచ్చిన షరతు. సెక్షన్ 25లో మూడు మినహాయింపులు ఉన్నాయి. దగ్గరి బంధువుల మధ్య సహజమైన ప్రేమాభిమానాలతో చేసిన వాగ్దానం రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టరు కావాలి. కాలదోషం పట్టిన అప్పు తీరుస్తానన్న వాగ్దానం రాతలో ఉండాలి, సంతకం ఉండాలి. మధ్యలో ఉన్న 25(2)కు రాత అక్కర్లేదు, నోటిమాట చాలు. ఈ తేడా గుర్తులేనివారి కోసమే 'రాతపూర్వకంగా లేదు కాబట్టి చెల్లదు' అన్న ఐచ్ఛికం పెడతారు.

నాలుగోది ప్రశ్నలోని మెరుపు వాస్తవం. స్టాంపు కాగితం, సాక్షుల సంతకాలు, కృతజ్ఞతతో చెమర్చిన కళ్లు, పెద్ద మొత్తం: ఇవి కథను రక్తికట్టిస్తాయి గాని ప్రతిఫలం లేదన్న లోటును పూడ్చవు. మొత్తం మరీ ఎక్కువగానో తక్కువగానో ఉండటం కూడా ఇంతే. వెయ్యి రూపాయల గుర్రాన్ని పది రూపాయలకు అమ్ముతానని స్వేచ్ఛగా ఒప్పుకుంటే ఆ ఒప్పందం చెల్లుతుందని సెక్షన్ 25 ఉదాహరణే చెబుతోంది.

ఒక ప్రశ్నను విప్పి చూస్తే

ఈ కుదుళ్లలో కొన్ని ఒకే ప్రశ్నలో ఎలా కలుస్తాయో చూద్దాం. గుంటూరు మిర్చి యార్డులో సుబ్బారావు బస్తాలు ఆరుబయట ఉన్నాయి. రాత్రి అకాల వర్షం మొదలైంది. పక్క కొట్టు రంగయ్య ఎవరూ అడగకుండానే తన దగ్గరున్న పట్టాలు తెచ్చి సుబ్బారావు బస్తాల మీద కప్పాడు. మర్నాడు సంగతి తెలిసి సుబ్బారావు, 'నా సరుకు కాపాడావు రంగయ్యా, నీకు పదివేలు ఇస్తాను' అన్నాడు. వారం తర్వాత ఇవ్వనన్నాడు. భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం ఆ వాగ్దానం చెల్లుతుందా?

(ఎ) చెల్లదు, ఎందుకంటే గత ప్రతిఫలం ప్రతిఫలం కాదు.
(బి) చెల్లదు, ఎందుకంటే వాగ్దానం రాతపూర్వకంగా లేదు.
(సి) చెల్లుతుంది, ఎందుకంటే సుబ్బారావు కోరిక మీద పని జరిగింది.
(డి) చెల్లుతుంది, ఎందుకంటే తన కోసం స్వచ్ఛందంగా చేసిన పనికి సుబ్బారావు పరిహారం ఇస్తానన్నాడు.

సరైన జవాబు (డి). (ఎ) ఇంగ్లిష్ చట్టం. (బి) పక్క ఉపసెక్షన్ల షరతు. (సి)లో సూత్రం నిజమే, సెక్షన్ 2(డి) అదే చెబుతుంది, కానీ వాస్తవం లేదు. రంగయ్యను ఎవరూ అడగలేదు. 'ఎవరూ అడగకుండానే' అన్న రెండు మాటలు ప్రశ్నలో ఉన్నది (సి)ని కొట్టేయడానికే.

ఇప్పుడు ఒక్కో వాస్తవాన్నీ మార్చి చూడండి. ఆ రాత్రి సుబ్బారావు ఫోన్ చేసి 'కాస్త పట్టాలు కప్పు రంగయ్యా' అని ఉంటే (సి) సరైనదవుతుంది, (డి) ఎరగా మారుతుంది. బస్తాలు సుబ్బారావువి కాక ఆయన బావమరిదివి అయి, వాటితో సుబ్బారావుకు సంబంధం లేకపోతే, పని 'వాగ్దాత కోసం' జరగలేదు గనుక 25(2) వర్తించదు, వాగ్దానం నిలవదు. ఇక రంగయ్య పక్క కొట్టతను కాక, వానొస్తే బస్తాలు కప్పాలన్న షరతుతోనే సుబ్బారావు జీతమిచ్చి పెట్టుకున్న కాపలాదారు అనుకుందాం. అప్పుడు పని స్వచ్ఛందం కాదు, ఉద్యోగంలో భాగం. అడగకుండా కప్పాడు, మెప్పుగా ఇస్తానన్నారు, పని ముందు, మాట తర్వాత: పైకి కథ మారలేదు. జవాబు మాత్రం 'చెల్లదు' అయింది. గత ప్రతిఫలం ప్రశ్నను ముందే ఉన్న బాధ్యత ప్రశ్నగా మార్చడానికి పరీక్షకుడు మార్చేది ఈ ఒక్క వాస్తవాన్నే.

ఈ ప్రశ్నలో పరీక్షకుడు జాగ్రత్తపడిన చోటు ఇంకొకటి ఉంది. 'వాగ్దానం చెల్లుతుందా' అని అడిగాడు గాని 'రంగయ్యకు ఏమైనా డబ్బు వస్తుందా' అని అడగలేదు. అలా అడిగితే సెక్షన్ 70 తెర మీదికి వస్తుంది. ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరు మరొకరి కోసం చట్టబద్ధంగా పని చేస్తే, దాని ఫలం అనుభవించినవారు పరిహారం ఇవ్వాలన్నది ఆ సెక్షన్. దానికి వాగ్దానమే అక్కర్లేదు. ప్రశ్నలో ఒక్క మాట జారితే రెండు జవాబులు సరైనవై కూర్చుంటాయి.

లాల్‌మన్ శుక్లా కేసు: రెండు కారణాల చిక్కు

ఒకే తీర్పు నుంచి మంచి ప్రశ్న, చెడ్డ ప్రశ్న రెండూ ఎలా వస్తాయో అలహాబాద్ హైకోర్టు 1913లో నిర్ణయించిన లాల్‌మన్ శుక్లా వర్సెస్ గౌరీదత్ కేసు చూపిస్తుంది. గౌరీదత్ ఇంటి పిల్లవాడు తప్పిపోయాడు. మునీముగా పనిచేస్తున్న లాల్‌మన్‌ను వెతకడానికి హరిద్వార్ పంపారు. అతను వెళ్లాక, పిల్లవాణ్ని కనిపెట్టినవారికి 501 రూపాయలు ఇస్తామని గౌరీదత్ కరపత్రాలు వేయించాడు. బహుమతి సంగతి తెలియకముందే లాల్‌మన్ పిల్లవాణ్ని కనిపెట్టాడు. తర్వాత తెలిసి, డబ్బు కోసం దావా వేసి ఓడిపోయాడు.

తీర్పులో రెండు కారణాలు ఉన్నాయి. ప్రతిపాదన తెలియకుండా దాన్ని అంగీకరించడం కుదరదు. పైగా, హరిద్వార్ వెళ్లడానికి ఒప్పుకున్నప్పుడే వెతికే బాధ్యత అతను తలకెత్తుకున్నాడు. బహుమతి ప్రకటనకు ముందే ఉన్న ఆ బాధ్యతను నెరవేర్చడం ప్రతిఫలం కాదు. ప్రతిపాదన, అంగీకారం అధ్యాయంలో మాత్రమే ఈ కేసును చదివినవారికి రెండో కారణం గుర్తుండదు.

ఇక్కడ 'బహుమతి సంగతి తెలియదు', 'ముందే బాధ్యత ఉంది' అనే రెండింటినీ విడివిడి ఐచ్ఛికాలుగా పెట్టి 'ఎందుకు ఓడిపోయాడు' అని అడిగితే అది చెడ్డ ప్రశ్న. రెండూ తీర్పులో ఉన్నవే. జాగ్రత్త ఉన్న పరీక్షకుడు కథను మారుస్తాడు. హరిద్వార్‌లో ఉండగానే కరపత్రం లాల్‌మన్ చేతికి వచ్చిందని, అది చదివిన మర్నాడు పిల్లవాడు దొరికాడని రాస్తాడు. ఇప్పుడు 'తెలియదు' అన్నది ఎర. 'పిల్లవాడు దొరికాక వచ్చిన వాగ్దానం కాబట్టి గత ప్రతిఫలం' అన్నదీ ఎరే, ఎందుకంటే ప్రకటన ముందు, పిల్లవాడు దొరకడం తర్వాత. మిగిలేది ముందే ఉన్న బాధ్యత ఒక్కటే.

ఈ కేసులో తేదీల వరస వేసుకుంటే రెండు సూత్రాల మధ్య తేడా స్పష్టపడుతుంది. గత ప్రతిఫలంలో వరస: పని, తర్వాత వాగ్దానం. ముందే ఉన్న బాధ్యతలో సాధారణ వరస: బాధ్యత, తర్వాత వాగ్దానం, ఆ తర్వాత పని.

అప్పు తగ్గింపు: ఇంగ్లండ్ ఎర గట్టిగా పనిచేసే చోటు

తీర్చాల్సిన అప్పులో కొంత కట్టడం కూడా ముందే ఉన్న బాధ్యతలో భాగమే. కాబట్టి మిగతాది వదిలేస్తానన్న రుణదాత మాటకు ప్రతిఫలం లేదని ఇంగ్లండ్‌లో 1602 నాటి పిన్నెల్ కేసు నుంచీ ఉన్న నియమం. 1884లో ఫోక్స్ వర్సెస్ బీర్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని స్థిరపరిచింది.

భారత చట్టంలో సెక్షన్ 63 ఈ నియమాన్ని పక్కన పెట్టింది. వాగ్దాన గ్రహీత తనకు రావలసినదాన్ని పూర్తిగా గాని కొంతమేరకు గాని వదులుకోవచ్చు, గడువు పెంచవచ్చు, తనకు తగినదనిపించిన మరేదైనా బదులుగా తీసుకోవచ్చు. దీనికి ప్రతిఫలం అవసరం లేదు. 5,000 రూపాయల బాకీకి 2,000 తీసుకుని చెల్లు పెట్టుకుంటే బాకీ మొత్తం తీరినట్టేనని ఆ సెక్షన్ ఉదాహరణ చెబుతోంది.

హైదరాబాద్‌తో ముడిపడిన ఒక కేసు దీనికి సుప్రీంకోర్టు స్థాయి నిదర్శనం. నిజాం కుమారుడు, బేరారు యువరాజు ఆజం జా నుంచి నగల వ్యాపారి కపూర్‌చంద్ గోధాకు సుమారు 27 లక్షల రూపాయలు రావాలి. హైదరాబాద్ భారత్‌లో కలిశాక ఆ అప్పుల పరిష్కారానికి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. వ్యాపారి 20 లక్షలు తీసుకుని పూర్తి చెల్లుగా రాసిచ్చాడు. తర్వాత మిగతాదానికి దావా వేశాడు. 1963లో రిపోర్టయిన కపూర్‌చంద్ గోధా వర్సెస్ మీర్ నవాబ్ హిమాయత్ అలీఖాన్ ఆజం జా తీర్పులో సుప్రీంకోర్టు ఆ దావాను ఒప్పుకోలేదు. ఈ వాస్తవాలతో ప్రశ్న వేసి, 'తక్కువ మొత్తం ఎక్కువ అప్పుకు ప్రతిఫలం కాదు' అన్న ఐచ్ఛికం పెడితే ఇంగ్లిష్ కేసులు బాగా చదివిన విద్యార్థే ముందు దానికి చిక్కుతాడు.

ముందే ఉన్న బాధ్యత ప్రశ్నల్లో ఇంకొక ఎర ఉంది. ఇల్లు కడుతున్న మేస్త్రి పని మధ్యలో ఆపి, 'ఇంకో రెండు లక్షలు ఇస్తేనే స్లాబు వేస్తాను' అంటాడు. యజమాని ఒప్పుకుంటాడు. ఐచ్ఛికాల్లో 'బలవంతం వల్ల రద్దు చేసుకోదగినది' అని ఉంటుంది. సెక్షన్ 15 బలవంతం అంటే శిక్షాస్మృతి నిషేధించిన పని చేయడం లేదా చేస్తానని బెదిరించడం, లేదా ఆస్తిని చట్టవిరుద్ధంగా అట్టిపెట్టుకోవడం, అట్టిపెట్టుకుంటానని బెదిరించడం. పని ఆపుతానన్న మాట ఒక్కటే ఆ నిర్వచనంలో ఇమడదు. యజమానిని కాపాడే సూటి కారణం, స్లాబు వేసే బాధ్యత మేస్త్రికి మొదటి ఒప్పందంలోనే ఉండటం. అదే మేస్త్రి ఒప్పందంలో లేని బాత్‌రూమ్ కూడా కడతానంటే, ఆ చిన్న అదనమే ప్రతిఫలం అవుతుంది. అది రెండు లక్షలకు తగినదేనా అని కోర్టు తూకం వేయదు.

అమెరికా పరీక్షలో ఇవే కథలు

న్యూయార్క్ వంటి రాష్ట్రాల బార్ పరీక్ష రాసే మన విద్యార్థులకు ఇంకొక జాగ్రత్త కావాలి. అక్కడి మల్టీస్టేట్ పరీక్షలో 200 బహుళైచ్ఛిక ప్రశ్నలుంటాయి. ఐచ్ఛికాలు తరచుగా 'అవును, ఎందుకంటే', 'కాదు, ఎందుకంటే' అని మొదలవుతాయి, కాబట్టి కారణమే జవాబును తేలుస్తుంది. గత ప్రతిఫలం చెల్లదన్నది అక్కడ సాధారణ నియమం. 1825 నాటి మసాచుసెట్స్ తీర్పు మిల్స్ వర్సెస్ వైమన్ దాన్ని నిలబెట్టింది. జబ్బుపడిన కొడుకుకు సేవ చేసినవారికి ఖర్చులిస్తానన్న తండ్రి మాట అమలు కాలేదు. కొడుకు 25 ఏళ్లవాడు, తండ్రి పోషణలో లేడు. అయితే 1935లో అలబామా కోర్టు వెబ్ వర్సెస్ మెక్‌గోవిన్ కేసులో, తన ప్రాణం కాపాడబోయి వికలాంగుడైన కార్మికుడికి జీవితాంతం రెండు వారాలకోసారి 15 డాలర్లు ఇస్తానన్న మాట చెల్లుతుందంది.

ముందే ఉన్న బాధ్యత విషయంలో అక్కడ మొదట చూడవలసింది ఒప్పందం వస్తువుల అమ్మకమా, సేవలా అన్నది. వస్తువుల అమ్మకమైతే యూనిఫామ్ కమర్షియల్ కోడ్ సెక్షన్ 2-209 ప్రకారం సద్భావనతో చేసిన సవరణకు ప్రతిఫలం అక్కర్లేదు. సేవలైతే పాత నియమం వర్తిస్తుంది, ఊహించని పరిస్థితుల వల్ల న్యాయంగా చేసిన సవరణలు మినహాయింపు. అందుకే అక్కడి ప్రశ్నల్లో గోధుమల ఒప్పందానికి సేవల నియమాన్నీ, ఇంటి పెయింటింగ్ ఒప్పందానికి వస్తువుల నియమాన్నీ ఎరగా పెడతారు.

ఎర పనిచేసిందా లేదా తెలిసే తీరు

పరీక్ష అయ్యాక ఏ ఐచ్ఛికాన్ని ఎంతమంది ఎంచుకున్నారో లెక్కిస్తారు. వందలో ఐదుగురు కూడా ముట్టుకోని ఎర దండగ అని మూల్యాంకన నిపుణులు సాధారణంగా భావిస్తారు. అది ఉన్నా ప్రశ్న నిజానికి మూడు ఐచ్ఛికాలదే. దీనికి వ్యతిరేకమైన లోపం ఇంకా ప్రమాదకరం. మొత్తం మీద మంచి మార్కులు వచ్చినవారు ఒక ఎర వైపు, తక్కువ వచ్చినవారు సరైన జవాబు వైపు మొగ్గితే ఆ ప్రశ్నను మళ్లీ చదవాలి. ఈ అంశాల్లో అటువంటి తేడా కనబడితే ముందుగా అనుమానించవలసినవి రెండు: ఏ దేశపు చట్టమో ప్రశ్నలో చెప్పకపోవడం, రెండు కారణాలూ సరైనవైన కేసు నుంచి ప్రశ్న తీయడం.

పరీక్ష రాసేవారు నాలుగు సంగతులు తేల్చుకున్నాకే ఐచ్ఛికాలు చదవాలి. ఏ చట్టం కింద అడిగారు? పని ముందా, వాగ్దానం ముందా? పని ఎవరు కోరితే, ఎవరి కోసం జరిగింది? చేసినవారికి ఆ బాధ్యత అంతకుముందే ఉందా, ఉంటే దానికి మించి ఏమైనా చేశారా? ప్రశ్నపత్రం కూర్చేవారికి ఒక మనవి: 'భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం' అన్న నాలుగు మాటలు ప్రశ్నలో తప్పక రాయండి. అవి లేని ప్రశ్నలో, ఇంగ్లిష్ తీర్పు గుర్తుపెట్టుకుని (ఎ) ఎంచుకున్న విద్యార్థిది తప్పని చెప్పే హక్కు పరీక్షకుడికి ఉండదు.